పెద్ద అంకెలోంచి చిన్న అంకె

ఆ రోజు ప్రాక్టికల్ పరీక్ష జరుగుతుండగానే మా సర్ బ్యాలెన్స్ రూములో కూర్చుని సమోసాలు తిన్నారు. గ్రాములో వెయ్యో వంతు తూచే త్రాసు పక్కన నూనె కారే కాగితం పొట్లం. తిన్న వేళ్ళను పిల్లల జవాబు పత్రాల అంచులకే తుడిచారు.   ఆయన నా పరిశోధనకు గైడు. నేను ఆయన దగ్గర మూడో ఏడు స్కాలర్‌ని, ఆ ల్యాబులో డిమాన్‌స్ట్రేటర్‌ని.

పరీక్ష తేలికైనదే. ఒక్కొక్కరికి రెండు పొట్లాలు ఇచ్చాం. ఒకదానిలో 2.44 గ్రాముల బేరియం క్లోరైడ్, ఇంకోదానిలో 2.13 గ్రాముల సోడియం సల్ఫేట్. రెండూ నీళ్ళలో కరిగించి కలిపితే తెల్లటి బేరియం సల్ఫేట్ అడుగుకు దిగుతుంది. దాన్ని వేడి చేసి, వడకట్టి, ఆరబెట్టి తూచాలి. ఏ పదార్థం ముందు అయిపోయిందో, రెండోది ఎంత మిగిలిందో లెక్క కట్టి రాయాలి.

సాయంత్రం కాకముందే, పిల్లలు ఇంకా ల్యాబులో ఉండగానే, పత్రాలు దిద్దడం మొదలైంది. సర్ ఇచ్చిన జవాబుల కీ నా చేతిలో ఉంది. "సోడియం సల్ఫేట్ ముందు అయిపోతుంది. మిగిలేది బేరియం క్లోరైడ్, 0.31 గ్రాములు" అని ఉంది. నేను రెండుసార్లు చదివాను. 2.44లోంచి 2.13 తీసేస్తే 0.31. మోల్స్‌లోకి, అంటే కణాల లెక్కలోకి, మార్చకుండా గ్రాముల్లోంచి గ్రాములు తీసేశారంతే!

ఆ లెక్క ఎక్కడిదో నాకు తెలుసు. తార్నాకలో మెట్రో స్టేషన్ దగ్గర ఓ కోచింగ్ సెంటర్ ఉంది. సర్ దానిలో భాగస్వామి. ఆదివారాలు నేను అక్కడ పాఠాలు చెప్పేదాన్ని. అక్కడి గైడు పుస్తకంలో చుట్టూ గీత గీసిన పెట్టెలో ఒక షార్ట్‌కట్ ఉంటుంది: "తక్కువ గ్రాములున్నదే ముందు అయిపోతుంది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తే మిగులు వస్తుంది." పోయినేడు ఆ పుస్తకం ప్రూఫులు దిద్దింది నేనే. ఆ పేజీ నాకు కనిపించింది. అక్షర దోషాలు సరిచేసి, తప్పును అలాగే వదిలేశాను.

తరగతిలో చాలామంది ఆ సెంటర్ పిల్లలే. 0.31 అని రాసి ఫుల్ మార్కులు తెచ్చుకుంటున్నారు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చే ఓ అమ్మాయి మాత్రం ఇంకోలా రాసింది. సర్ ఆమె పత్రం మీద పెద్ద సున్నా చుట్టి, వెనుక బెంచీల దాకా వినపడేలా పిలిచారు.

"ఏందమ్మా ఇది? 2.13 చిన్నదా, 2.44 చిన్నదా? గింత కూడ తెల్వదా?"

ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం వణకలేదు.

"గ్రాములు చూడొద్దు సర్. మోల్స్ చూడాలె. బేరియం క్లోరైడ్‌ల నీళ్ళు గూడ ఉన్నయి, దాని మోలార్ ద్రవ్యరాశి 244. అంటే 0.01 మోల్. సోడియం సల్ఫేట్‌ది 142. అది 0.015 మోల్. ఒకటికి ఒకటి కలుస్తయి. ముందుగాల బేరియం అయిపోతది. సల్ఫేట్ 0.005 మోల్ మిగులుతది, అంటే 0.71 గ్రాములు."

"కీల ఏమున్నది? 0.31. నువ్వు కీ కంటె పెద్దదానివా?"

"సర్, నా వడపోత నీళ్ళు ఇంక ఉన్నయి. టెస్ట్ చేసి చూపిస్త."

సర్ నవ్వారు. ఆ నవ్వుతో పాటు సమోసా ముక్క ఒకటి ఆమె పత్రం మీద పడింది. ఆయన దాన్ని వేలితో నెట్టేశారు. కాగితం మీద పసుపుపచ్చ గీత మిగిలింది. "ఇంక చాలు. నీళ్ళన్నీ సింకుల పారబొయ్యమ్మా," అన్నారు నా వైపు తిరిగి.

ఆ మాటతోనే నాకు ఆయన మీద అసహ్యం పుట్టింది. ఆయనకు లెక్క రాక కాదు. ముప్పై ఏళ్ళుగా ఈ పాఠమే చెబుతున్నారు. కీ రాసే ఓపిక లేక పుస్తకంలోది ఎక్కించారు. ఇప్పుడు సరిదిద్దితే పుస్తకం తప్పని ఒప్పుకోవాలి. అందుకే నీళ్ళు పారబోయమంటున్నారు. పారబోయాల్సిన చేతులు నావి.

నేను స్టాండు దగ్గరికి వెళ్ళాను. ఆ అమ్మాయి నీళ్ళు పరీక్ష నాళికలో గాజులా తేటగా ఉన్నాయి. తీసుకుని సింకు వైపు కాకుండా, మూలన రిజిస్టర్ రాసుకుంటున్న ఎక్స్‌టర్నల్ మేడమ్ దగ్గరికి వెళ్ళాను. వేరే కాలేజీ నుంచి పరీక్షకురాలిగా వచ్చిన మనిషి, పొద్దుటి నుంచి పెద్దగా మాట్లాడలేదు.

"మేడమ్, ఈ నీళ్ళు ఒక్కసారి చూడండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె కళ్ళద్దాలు పైకి నెట్టుకుని లేచింది. నీళ్ళను రెండు నాళికల్లో పోసింది. ఒకదానిలో కొత్త సోడియం సల్ఫేట్ ద్రావణం నాలుగు చుక్కలు వేసింది. ఏమీ కాలేదు. అంటే బేరియం మిగల్లేదు. రెండోదానిలో బేరియం క్లోరైడ్ చుక్కలు వేసింది. పాలు ఒలికినట్టు తెల్లగా మారిపోయింది. మిగిలింది సల్ఫేటే.

"ఈ అమ్మాయిది కరెక్టండి," అంది మేడమ్, సర్‌తో. "అడుగుకు దిగిన అవక్షేపం కూడా చూడండి, 2.31 గ్రాములు వచ్చింది. రావలసింది 2.33. కీ మార్చాలి."

సర్ ముఖం మాడిపోయింది.  తర్వాత ఆయన పొట్లం మడిచి చెత్తబుట్టలో పడేసి, ఎంతో ఉదారంగా చేతులు చాపారు.

"పోనియ్యండి మేడమ్. పిల్లల భవిష్యత్తు. 0.31 రాసినోళ్ళకు, 0.71 రాసినోళ్ళకు, అందరికీ ఫుల్ మార్కులు ఇద్దాం. రెండూ కరెక్టే అనుకుందాం."

మేడమ్ కాసేపు వాదించింది. తప్పు రాసినవాళ్ళకు మార్కులు ఎట్లా ఇస్తామని అడిగింది. ఆఖరికి అలసిపోయి, ఆ అమ్మాయి సున్నా కొట్టేసి మార్కులు వేసి తన సంతకం పెట్టి, మిగతావాటి బాధ్యత సర్‌దేనని రాసి వెళ్ళిపోయింది. మిగతావన్నీ సర్ చెప్పినట్టే జరిగాయి. ఆ పత్రాలు కట్టలు కట్టింది నేనే. ఆ నూనె మరకలున్న కాగితాలు ముట్టుకున్నాక చేతులు సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాను.

మెట్ల మీద ఆ అమ్మాయి కనిపించింది. థ్యాంక్స్ చెబుతుందనుకున్నాను.

"మేడమ్, ఆ కోచింగ్ బుక్‌ల మీ పేరు ఉన్నది గద, ప్రూఫ్ చూసినందుకు? మా ఫ్రెండ్ దగ్గర చూసిన," అంది. "మీకు ముందే ఎర్కనా?"

"ఎరుకే," అన్నాను.

 ఆమె బ్యాగు సర్దుకుని బస్సు కోసం వెళ్ళిపోయింది. సర్ మీద కలిగిన అసహ్యమంతా ఆ మెట్ల మీద నా వైపు తిరిగింది. అప్పటిదాకా అది ఆయన ఒక్కరి తప్పని నమ్మాను.

తరువాతి ఆదివారం తార్నాక వెళ్ళి, క్లాసులో ఆ పేజీ తెరిపించాను. పెట్టె మొత్తం కొట్టేయమన్నాను. బోర్డు మీద మోల్స్ వేసి, ఏది ముందు అయిపోతుందో, ఎంత మిగులుతుందో మొదటి నుంచి చెప్పాను. సగం మంది కొట్టేశారు. ముందు బెంచీలో ఉన్న పిల్ల చెయ్యెత్తింది.

"మేడమ్, పరీక్షకు సర్ వస్తే ఏది రాయాలె?"

"ఇదే రాయాలి," అన్నాను. ఆ పిల్ల పెన్సిల్‌తో రెండూ రాసుకుంది.

మరుసటి వారం నుంచి అక్కడ నాకు క్లాసులు లేవు. నా థీసిస్ అధ్యాయం సర్ టేబుల్ మీద రెండు నెలలు కదలకుండా ఉంది. వెళ్ళి అడిగినప్పుడల్లా "చూద్దామమ్మా" అనేవారు, టీలో బిస్కెట్ ముంచుతూ. చివరికి డిపార్ట్‌మెంట్‌కు రాసి గైడును మార్పించుకున్నాను. దానివల్ల ఒక ఏడాది పోయింది. కొత్త ముద్రణ పుస్తకం ఈ మధ్య తార్నాకలో ఓ షాపులో చూశాను. ఆ పెట్టె అలాగే ఉంది. ప్రూఫ్ చూసినవారి పేరు మాత్రం మారింది.