ఒక్క ఈల

ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది గుర్తింపు కార్డు మీద తప్ప ఇంకెక్కడా పనికిరాదు. బస్సు ఎక్కే జనానికీ, డిపోలో వాళ్లకీ ఆమె ఈలక్క. మిగతా కండక్టర్లు గంట తాడు లాగుతారు. ఈమె మాత్రం మెడలో వేసుకున్న ఇత్తడి ఈల ఊదుతుంది. ఒక్కటి ఊదితే ఆపమని, రెండు ఊదితే పోనిమ్మని. ఆ ఈలకి చంకలో పసివాళ్లు ఉలిక్కిపడి ఏడుస్తారని తల్లులు విసుక్కుంటారు. ఇంట్లో అత్తగారైతే, ఉన్న నోరు చాలలేదా, మళ్లీ ఈల కూడానా అని దెప్పుతుంది. ఈలక్క ఆ మాటకి నవ్వేస్తుంది.

ఆ మంగళవారం ఆమెకు నవ్వు రాలేదు. డ్యూటీ అడగబోతే గుమస్తా తల కూడా ఎత్తకుండా, ముందు సూపర్‌వైజర్‌గారిని కలిసి రమ్మన్నాడు. బల్ల మీద హాజరు పట్టీ తెరిచే ఉంది. సోమవారం గడిలో ఎర్రసిరాతో గైర్హాజరు. చెప్పకుండా మానేయడం ఈ ఏడాది ఇది మూడోసారి. మొదటి రెండూ అత్తగారి జబ్బు పుణ్యమే. పదకొండేళ్లుగా కాంట్రాక్టులో నలుగుతున్న వాళ్లని పర్మనెంటు చేసే జాబితా ఈ నెలలోనే పైకి వెళ్తోంది. మూడు ఎర్రగడులున్న వాళ్ల పేరు అందులో ఉండదు. అంతటితో పోతే బాగుండేది, కాంట్రాక్టు కూడా మళ్లీ రాయరు.

ట్రాఫిక్ సూపర్‌వైజర్‌ని అందరూ చాటుగా ఎర్రసిరా అంటారు. చెడ్డవాడని చెప్పలేం. కాగితం మీద ఉన్నదే నిజమని నమ్మే మనిషి, అంతే. అలాంటి వాళ్ల దగ్గర ఏడ్చినా లాభం లేదు, అరిచినా లాభం లేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, జరిగింది జరిగినట్టు చెప్పమన్నాడు. కిటికీ పక్కన పెద్దాయన నిలబడి ఉన్నాడు, చేతిలో టోపీ నలుపుతూ. ఆయన మొదటి సర్వీసు డ్రైవరు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. ఈయన్నెందుకు పిలిపించారో ఈలక్కకి అర్థం కాలేదు.

ఆమె చెప్పింది. ఆదివారం సాయంత్రం నుంచి వాళ్ల కాలనీలో కరెంటు లేదు, ఫోను చచ్చిపోయింది. సోమవారం తెల్లవారుజామున ఐదున్నరకి యూనిఫాం వేసుకుని, టార్చి పట్టుకుని, డిపోకి వచ్చే మొదటి బస్సు కోసం కల్వర్టుకి ఇవతలే ఉన్న స్టాపుకి బయల్దేరింది. అక్కడికి వచ్చేసరికి కల్వర్టే లేదు. అటు గట్టు నుంచి ఇటు గట్టు దాకా ఎర్రనీళ్లు. చూద్దామని నాలుగడుగులు వేస్తే నడుము దాకా మునిగి, కాళ్ల కింద రాళ్లు కదిలిపోయాయి. టార్చి నీళ్లపాలైంది. ఎలాగో వెనక్కి వచ్చి పడింది. చుట్టుదారిన వెళ్దామంటే రైలు గేటు దగ్గర చెట్టు కూలి దారికి అడ్డంగా పడుంది. తొమ్మిదింటికి ఎవరో పాలవ్యాను అతని ఫోను అడిగి తీసుకుని డిపోకి చెప్పింది. ఆమె డ్యూటీ ఏడింటికి.

"డ్యూటీ టైముకి ముందు చెప్పలేదు" అన్నాడు సూపర్‌వైజర్. "అది అలా ఉంచు. దారి లేదంటున్నావు. మరి ఇదేంటి?"

ఆయన ఒక కాగితం ఆమె వైపు తిప్పాడు. సోమవారం మొదటి సర్వీసు ట్రిప్పు షీటు. ఐదు ఇరవైకి డిపోలో బయల్దేరింది. ఐదు యాభై ఐదుకి కాలనీ చేరింది. ఆరింటికి కాలనీ వదిలింది. ఆరు ముప్పై ఐదుకి డిపోకి వచ్చింది. మొత్తం కిలోమీటర్లు పూర్తి. కింద పెద్దాయన సంతకం, ఎప్పటిలాగే ముత్యాల్లాంటి అక్షరాలు.

బస్సు పోయి వచ్చిన దారిలో మనిషి ఎందుకు రాలేకపోయిందో చెప్పమన్నాడాయన. అడిగిన దాంట్లో తప్పేమీ లేదు.

ఆ బస్సు కాలనీకి రాలేదని ఆమెకి తెలుసు. రెండు కళ్లతో చూసింది. నీళ్లకి అవతల దీపాలు కనిపించాయి, ఆగాయి, కాసేపటికి మెల్లగా వెనక్కి తిరిగి వెళ్లిపోయాయి. సగం దారిలో తిప్పుకొచ్చిన ట్రిప్పుకి కంట్రోల్ రూం అనుమతి ఉండాలి. లేకపోతే తగ్గిన కిలోమీటర్లకి డ్రైవరు జవాబు చెప్పుకోవాలి. రిటైరయ్యే ముందు ఆ గొడవంతా ఎందుకని పెద్దాయన రోజూ రాసేదే రాసి సంతకం పెట్టేసి ఉంటాడు. ఇప్పుడు ఆమె ఒక్క మాట అంటే చాలు, ఆయన దొంగలెక్క రాసినట్టు తేలుతుంది. అనకపోతే ఆమె అబద్ధాలకోరు అవుతుంది. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది ఆ మనిషే. డ్రైవరుకి వెనక కళ్లుండవు అమ్మాయ్, నీ ఈలే నాకు కళ్లు అన్నది ఆయనే. ఆమెకి ఆయన మీద ఒళ్లు మండింది. అంతకంటే ఎక్కువగా జాలేసింది.

"బస్సు వచ్చిందా, రాలేదా? నీళ్లు నమలకుండా చెప్పు."

"బస్సు సంగతి బస్సు తోలినాయన్నే అడగండి సార్. నా సంగతి నేను చెప్తాను. నేను మానేయలేదు. నీళ్లకి ఇవతల నిలబడే ఉన్నాను. చేతిలో దీపం లేదు, అరిస్తే ఆ హోరులో వినపడదు. అటునుంచి ఎవరన్నా నీళ్లలోకి దిగుతారేమోనని ఈల ఊదాను. అంతకు మించి నా దగ్గర సాక్ష్యం లేదు."

సూపర్‌వైజర్ ఎర్రకలం మూత తీశాడు. ఈలక్క ఆ కలం వైపే చూస్తూ నిలబడింది.

కిటికీ దగ్గర టోపీ నలపడం ఆగింది.

"ఎన్ని ఈలలు ఊదావమ్మాయ్?" అన్నాడు పెద్దాయన.

"ఒక్కటే బాబాయ్. ఆపమని."

ఆయన బల్ల దగ్గరికి నడిచి వచ్చాడు.

"సార్, ముందు చక్రాలు నీళ్లలోకి దిగాయి. వానకి అద్దంలోంచి ఏమీ కనపడట్లేదు, రోజూ వెళ్లే దారే కదా అని పోనిస్తున్నా. ఒక్క ఈల వినపడింది. ఎవరు, ఎక్కడ అని ఆలోచించలేదు, కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. బండిలో ఏడుగురున్నారు. కాలనీకి పోలేదు సార్. ఆ షీటు అబద్ధం."

సూపర్‌వైజర్ ట్రిప్పు షీటుని ముందుకి లాక్కున్నాడు, మళ్లీ పక్కకి నెట్టాడు. అబద్ధం ఆడిన కాగితాన్ని ఆయన జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టున్నాడు.

"నీకు మెమో ఇవ్వక తప్పదు" అన్నాడు చివరికి పెద్దాయనతో. "బండి ఆపినందుకు కాదు. ఈ రాత రాసినందుకు."

పెద్దాయన తలూపాడు. సూపర్‌వైజర్ ఆయన చేత తెల్లకాగితం మీద జరిగినదంతా రాయించి సంతకం పెట్టించాడు. తర్వాత హాజరు పట్టీలో సోమవారం గడి అడ్డంగా కొట్టేసి, పక్కన అదే ఎర్రసిరాతో 'వరద, దారి మూసుకుపోయింది' అని రాసి పొట్టి సంతకం చేశాడు. జాబితాలో పేరు ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె ఆ గడినే రెండుసార్లు చదువుకుంది.

మెమోకి జవాబు చెప్పుకునే దాకా పెద్దాయన బండి తోలొచ్చు. ఆ పూట గుమస్తా డ్యూటీ చీటీ రాస్తూ ఈలక్కని ఆయన బస్సుకే వేశాడు, కావాలనో మామూలుగానో. బస్సు నిండింది. పెద్దాయన ఇంజను స్టార్టు చేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. జనం ఇంకెంతసేపని సణగడం మొదలుపెట్టారు. ఈలక్క ఈల నోట్లో పెట్టుకుంది గానీ, ఊదలేదు. రిటైరయ్యే రెండు నెలల ముందు ఈయన మెమో అందుకునేలా చేసింది కూడా ఈ ఈలే కదా అనిపించింది.

అద్దంలో పెద్దాయన కళ్లు ఆమెని వెతికాయి.

"ఊదమ్మాయ్" అన్నాడు. "నువ్వు ఊదందే నేను కదలను."

ఆమె కళ్లు తుడుచుకుని రెండు ఈలలు ఊదింది. బస్సు కదిలింది.