షమా దాచిన అరగంట

మా షమాకి ప్రతిదానికీ ఒకటి అదనంగా ఉంచుకునే జబ్బు ఉంది. సంచిలో రెండో పెన్ను, డబ్బాలో రెండో మనిషికి సరిపడా అన్నం. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల ఆఫీసుకి రావడానికి ఏడున్నర బస్సు చాలు. అది చెడిపోతే ఎట్లా అని ఏడు గంటల బస్సే ఎక్కుతుంది. వాళ్ల నాయన జీపు తోలేవాడు. స్టెప్నీ లేకుండా బండిని గేటు దాటనిచ్చేవాడు కాదట. ఆ బుద్ధి కూతురికి అంటుకుంది.

మాది రైతుల సేవా సంఘం. నేను అక్కడ లెక్కలు చూస్తాను, షమా పల్లెలు తిరుగుతుంది. ఆ ఏడు విత్తనాల నాణ్యత మీద ఒక్కరోజు సదస్సు పెట్టాలని మా చైర్మన్ రాజశేఖర్‌గారికి బుద్ధి పుట్టింది. కార్యక్రమం తయారుచేసే పని షమా నెత్తిన పడింది. ఆమె సంతోషంగా ఒప్పుకుంది. దానికి కారణం చెన్నకేశవులు.

చెన్నకేశవులుది శిరివెళ్ల దగ్గర పల్లె. ఆయనా, చుట్టుపక్కల రైతులూ ఒకే కంపెనీ మొక్కజొన్న విత్తనం వేశారు. చేను ఏపుగా పెరిగింది, కంకి వలిస్తే గింజ లేదు. పంట చేలో నిలబడి ఉండగా పెద్ద అధికారి ఎవరైనా చూడమని ఆదేశిస్తేనే పరిహారానికి దారి. అర్జీలు ఎన్ని పెట్టినా కదలిక లేదు. చేనంతా పశువుల మేతకి అమ్ముకున్నారు, కోసే మిషను సోమవారానికి మాట్లాడుకున్నారు. సదస్సు శనివారం. విజయవాడ నుంచి వచ్చే వ్యవసాయ శాఖ పెద్దాయన రోజంతా వేదిక మీదే ఉంటాడు. చెన్నకేశవులు ఆయన ఎదుట మాట్లాడాలి. షమా కార్యక్రమమంతా ఆ ఒక్క మాట చుట్టూ అల్లింది.

పొద్దున మొట్టమొదట రైతుని పెట్టమని నేనన్నాను. ప్రారంభ సభలో పెద్దలు మాట్లాడకుండా రైతు మాట్లాడితే బాగుండదని రాజశేఖర్‌గారు కొట్టేశారు. కనక రైతుల వంతు చివరికి పోయింది. పదికి ప్రారంభం, దానికి ముప్పావు గంట. తర్వాత మూడు సెషన్లు, ఒక్కోదాంట్లో ఇద్దరు వక్తలు. మనిషికి ఇరవై ఐదు నిమిషాల ప్రసంగం, ఐదు నిమిషాల ప్రశ్నలు. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కి మైకు సర్దుకోవడానికి మధ్యలో ఇంకో ఐదు. పొద్దున టీ, భోజనం, సాయంత్రం టీ. ఆ టీ తర్వాత, మూడూ ఇరవైకి, ఎవరి పేరూ లేని అరగంట. దాని వెనక రైతులకి అరగంట, వందన సమర్పణ. పెద్దాయన కారు నాలుగున్నరకి కదలాలి.

"ఏందీ షమా, ఈడ ఖాళీ పెట్టినావ్?" అన్నారు రాజశేఖర్‌గారు.

"స్టెప్నీ సార్. పొద్దున్నుంచి ఆలస్యమైందంతా అది మింగుతాది. రైతుల టైము మాత్రం కదలదు."

ఆయన తలూపారు. ఈసారి శాలువాలు, బొకేలు లేవని కూడా మాటిచ్చారు.

శనివారం పొద్దున శాలువాల పెట్టె దిగింది. భోజనం ఖర్చు పెట్టుకున్న కంపెనీ పంపింది. ఏ కంపెనీ అంటారా, చెన్నకేశవులు విత్తనం కొన్న కంపెనీయే. మా సంఘానికి సిగ్గెక్కడ ఉంది. వేదిక మీద ఉన్న ప్రతివాణ్ణీ పేరుపేరునా పిలవడం, కప్పడం, ఫోటోవాడు ఇటు చూడండి సార్ అనడం. ప్రారంభం అరగంట ఎక్కువ లాగింది.

షమా కంగారు పడలేదు. పొద్దున టీని కుర్చీల దగ్గరికే పంపించి అక్కడ పది నిమిషాలు మిగిల్చింది. పొద్దున్న మాట్లాడే నలుగురికీ వేయాల్సిన ప్రశ్నలు చీటీల మీద రాయించి, భోజనాల దగ్గర అడగమంది. అందరి స్లైడ్లూ ముందే ఒకే లాప్‌టాప్‌లో ఎక్కించి ఉంచింది కాబట్టి మార్పుల దగ్గర ఎవరూ తడుముకోలేదు. టైము అయిపోతే కొట్టడానికి నేను బెల్లు పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. భోజనం వేళకి సరిగ్గా అనుకున్న టైములో ఉన్నాం. పోయిన అరగంటని చెమటోడ్చి వెనక్కి తెచ్చింది ఆ పిల్ల.

భోజనాల దగ్గర ఆమె పెద్దాయన ముందుకు పోయి విషయం చెప్పబోయింది. "రైతుల సెషన్ ఉంది కదమ్మా, అప్పుడు వివరంగా వింటా," అన్నాడాయన మర్యాదగానే.

ఆ మాటతో షమా ముఖం వెలిగిపోయింది. ఆ సంతోషంలోనే రాజశేఖర్‌గారి దగ్గరికి పోయి, "సార్, అరగంట అట్లే మిగిలింది. దాని జోలికే పోలే," అని చెప్పింది. ఆ రోజంతటిలో ఆమె చేసిన తప్పు అదొక్కటే. ఆలస్యం తినేసి ఉంటే ఆ అరగంట ఎవరి కంటా పడేది కాదు.

సాయంత్రం టీ కాగానే కంపెనీ మేనేజర్ లేచి వేదిక ఎక్కాడు.

షమా రాజశేఖర్‌గారి దగ్గరికి పరుగెత్తింది. "సార్, అది ఖాళీ కాదు."

"మిగిలిందని నువ్వే అంటివి కదా. అన్నం పెట్టినాయప్పకి అరగంట ఇయ్యలేమా? మూడూ యాభైకి దిగుతాడులే."

ఆమె చెన్నకేశవులు దగ్గరికి వచ్చింది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దుటినుంచీ రెండో వరసలో కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఇంట్లో గోడ గడియారం ముందు నిలబడి పది నిమిషాల్లో ముగించేలా వారం రోజులు సాధన చేశాడు.

"అన్నా, నువ్వు ముందు ఎక్కు. నేను మైకు ఇప్పిస్తా."

"పెద్దోళ్లు మాట్లాడతాండారు గదమ్మా. నడమ పోతే ఏం బాగుంటాది? నా వంతు రానీ."

మేనేజర్ నాణ్యత గురించి మాట్లాడాడు. వాళ్ల ప్రయోగశాలల గురించి, రైతు తమకి దేవుడనే సంగతి గురించి మాట్లాడాడు. మూడూ యాభైకి బెల్లు కొట్టాను. నవ్వి నీళ్లు తాగాడు. మళ్లీ కొట్టాను. వద్దని రాజశేఖర్‌గారు కళ్లతో గదిమారు. నాకు ఆ బెల్లు తీసి వేదిక మీదికి విసిరేయాలనిపించింది. నాలుగూ ఇరవై దాటింది. మేనేజర్ ముగించగానే రైతులు చప్పట్లు కొట్టారు, చెన్నకేశవులు కూడా.

అప్పుడింకొక శాలువా. పెద్దాయన వాచీ చూసుకుని లేచాడు. షమా మెట్ల దగ్గర అడ్డం నిలబడింది. "సార్, పది నిమిషాలు. సోమవారం పంట కోసేస్తారు సార్."

"అర్జీ ఇవ్వమ్మా, చూద్దాం," అన్నాడు నడుస్తూనే. అర్జీలు అప్పటికే ఎన్నో ఇచ్చి ఉన్నారు. కారు వెంబడి చైర్మన్, మేనేజర్, ఫోటోవాడు, సగం హాలు బయటికి పోయింది. అద్దె సామాను సప్లయర్స్ వాళ్లు వెనక వరస నుంచి కుర్చీలు మడవడం మొదలుపెట్టారు.

చెన్నకేశవులు లేచి చొక్కా సర్దుకున్నాడు. "నా వంతు వచ్చిందా మా?"

"వచ్చిందన్నా," అంది షమా.

ఆయన మైకు ముందు నిలబడి, ఖాళీ కుర్చీకి దండం పెట్టి, "అధికారి అయ్యగారికి నమస్కారం," అని మొదలుపెట్టాడు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చెప్పాడు. పెద్దాయనకి చూపించడానికి తెచ్చిన కంకిని సంచిలోంచి తీసి, ఒలిచి, పైకెత్తి పట్టుకున్నాడు. కుర్చీలు మడిచే చప్పుడు ఆగలేదు. షమా గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

దిగి వస్తూ ఆయన నా దగ్గర ఆగాడు.

"బెల్లు కొట్టకముందే ఆపినా గదప్పా?" అని అడిగాడు.