స్పీడు తగ్గించాక వినిపించిన పాట

పొద్దుటి నుంచి డీజే అతను ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. "మేడమ్, పాట పంపితే ఇప్పుడే ఎక్కించుకుంటానండి. రేపు ఆ హాల్లో నెట్ రాదు."

పాట ఉంటే కదా పంపడానికి!

నందిగామలో మేడ మీద గదిలో డాన్సు నేర్పుతాను. పెళ్ళిళ్ళ రోజుల్లో ఇళ్ళకు వెళ్ళి కూడా నేర్పుతాను. ఈ పెళ్ళికూతురుది జగ్గయ్యపేట. తల్లి స్కూలు టీచరు. తండ్రి ఈ పిల్ల నడక నేర్చిన కొత్తలోనే పోయారట. రిసెప్షన్‌లో చర్చివాళ్ళందరి ముందూ తను ఒక్కతే ఆడాలని పంతం. ఒక రీల్ చూపించి ఇదే కావాలంది. పావు నిమిషం ముక్క. మాటలు అర్థం కావు కానీ బీటు మాత్రం హుషారుగా ఉంది. ఆ ముక్కనే తిప్పి తిప్పి వేసి స్టెప్పులు కట్టాను. పూర్తి పాట తర్వాత దొరుకుతుందిలే అనుకోవడం మా వృత్తిలో అందరికీ ఉన్న జబ్బు.

రిసెప్షన్ రేపు. పాట దొరకలేదు. పెళ్ళికూతురి ఇంట్లో, ముందు గదిలో కూర్చుని రీల్ కింద ఆడియో పేరు నొక్కితే 'ఒరిజినల్ ఆడియో' అని ఎవరిదో ఖాతా వచ్చింది. అదే ముక్కకు ఎంతోమంది ఆడారు. కింద కామెంట్లలో అందరూ "ఏం పాట అండీ?" అని అడిగేవాళ్ళే, చెప్పేవాళ్ళు ఒక్కరూ లేరు. పాట పేరు చెప్పే యాప్‌కు వినిపిస్తే దొరకలేదంది. ఎందుకు దొరుకుతుంది? పాట మొదలు కోసేశారు, స్పీడు పెంచేశారు, పైన ఎవరివో ఈలలు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"వేరే పాట పెట్టుకుందామా అమ్మా?" అన్నాను.

"వద్దక్కా, ప్లీజ్. ఇది వింటుంటే కాళ్ళు వాటంతటవే కదులుతున్నాయి. ఎందుకో నాకే తెలీదు." పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రీల్‌ను సేవ్ చేసి ఎడిటింగ్ యాప్‌లో వేశాను. స్పీడు తగ్గిస్తే పాట సాగింది కానీ గొంతు ఇంకా చిన్నపిల్ల గొంతులాగే కీచుగా ఉంది. అప్పుడు తట్టింది: గొంతు మారకుండా ఉంచే ఆప్షన్ ఆన్‌లో ఉంది. అది తీసేసి మళ్ళీ తగ్గించాను. ఇంకొంచెం తగ్గించాను. ఇన్నాళ్ళూ ఆడగొంతు అనుకున్నది మెల్లగా మగగొంతైంది. మాటలు విడివడ్డాయి. ప్రయాణం ముగిసింది, ఇక నిద్రపోనీ అంటున్నాడు పాడేవాడు.

లోపల పెళ్ళి చీరలు సర్దుతున్న తల్లి గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయింది.

"ఏంటండి అది?"

"పాటండి, మీ అమ్మాయి డాన్సుకి..."

"డాన్సుకా? అది సమాధుల తోటలో పాడే పాట! మట్టి వేసేటప్పుడు పాడతాం. రేపు అందరి ముందూ దీనికా గెంతేది? మీరన్నా చూసుకోవద్దా మేడమ్?"

ఆ హాల్లో పూర్తి పాట మోగాక పెద్దలందరూ ఒక్కసారిగా లేచి నిలబడడం కళ్ళకు కట్టింది. భయమేసింది. ఆ పిల్ల పరువు పోయేది, నా క్లాసు మూతపడేది.

"నాన్నకీ ఇదే పాడారా అమ్మా?" అంది పెళ్ళికూతురు.

తల్లి గుమ్మం దాటి ముందు గదిలోకి వచ్చింది. నన్నే చూసి, "మొత్తం ఉందా?" అంది.

వినిపించిన మాటలు టైప్ చేస్తే ఇప్పుడు వెంటనే దొరికింది. పెట్టాను. ఆవిడ కుర్చీలో కూర్చుని చివరిదాకా వింది. మేమిద్దరం పక్కనే నిలబడ్డాం. తిడుతుందో ఏడుస్తుందో తెలియదు. మళ్ళీ డీజే ఫోన్ వస్తే కట్ చేశాను.

"అమ్మా, నేను దీనికి ఆడనులే," అంది పిల్ల.

"నాన్నకీ ఇదే పాడారు. అప్పుడు నువ్వు నా ఒళ్ళో ఉన్నావు," అంది తల్లి. "అందరూ ఏడుస్తుంటే నువ్వు ఈ పాటకి నవ్వుతూ చప్పట్లు కొట్టావు. అందరూ చూస్తున్నారని సిగ్గేసి నీ చేతులు రెండూ గట్టిగా పట్టేసుకున్నా. నువ్వు గుక్కపట్టి ఏడ్చావు. వాళ్ళేమో నాన్న కోసం ఏడుస్తున్నావనుకున్నారు."

పిల్ల వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది.

తల్లి ఆ పిల్ల తల నిమిరి నా వైపు తిరిగింది. "ఈలల్లేకుండా ఈ నెమ్మది పాటే పంపండి మేడమ్. ఎవరన్నా అడిగితే నేను చెప్పుకుంటా." తర్వాత కూతురితో అంది. "ఆడమ్మా. రేపు నీ చేతులు పట్టుకోను."